ప్యాకింగ్, రవాణా, రాయల్టీ, పరిశోధన ఖర్చులు: కాస్ట్ షీట్‌లో ఏది ఎక్కడ వేయాలి?

లెడ్జర్‌లో "ప్యాకింగ్" అని ఒకటే ఖాతా ఉంటుంది. మందు పోసే సీసా బిల్లూ, లారీకి ఎత్తే అట్టపెట్టె బిల్లూ అందులోకే చేరతాయి. "రవాణా" ఖాతా కూడా అంతే. ముడిసరుకు తెచ్చిన లారీ బాడుగా, తయారైన సరుకు తీసుకెళ్లిన లారీ బాడుగా పక్కపక్కనే కనిపిస్తాయి. నెలాఖరున కాస్ట్ షీట్ వేసేవాళ్లు ఖాతా మొత్తాన్ని ఎత్తి ఒక చోట పెట్టేస్తే అక్కడే తప్పు జరిగిపోతుంది. ఖాతా పేరు చూసి ఇది ప్రత్యక్ష వ్యయమా, ఓవర్‌హెడ్డా అని తేల్చలేం. వోచర్ చూసి తేల్చాలి.

ప్రతి వోచర్‌నూ రెండు ప్రశ్నలు అడగండి, ఇదే వరుసలో. మొదటిది: ఈ ఖర్చు సరుకు అమ్మకానికి సిద్ధం కావడానికి అయ్యిందా, సిద్ధమయ్యాక అయ్యిందా? రెండోది: ఇది ఫలానా సరుకు కోసమే అయ్యిందని అంచనాలు వేయకుండా చూపించగలమా?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఖర్చు ఉత్పత్తి వ్యయంలోకి పోతుంది, లేదా అమ్మకం, పంపిణీ వైపు పోతుంది. ఇక్కడ తప్పితే ముగింపు స్టాకు విలువ తప్పుతుంది, దాంతో లాభమూ తప్పుతుంది. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ప్రత్యక్ష వ్యయాన్నీ ఓవర్‌హెడ్‌నూ విడదీస్తుంది. అక్కడ తప్పితే ఒక సరుకు ఖర్చును ఇంకో సరుకు మోస్తుంది. చాలామంది రెండో ప్రశ్నతో మొదలుపెట్టి, "ప్రత్యక్షం కాబట్టి ఉత్పత్తి వ్యయమే" అనుకుంటారు. అది నిజం కాదు. ఒక సరుక్కే చెందిన అమ్మకం ఖర్చులూ ఉంటాయి. రాయల్టీ దగ్గర అది బాగా కనిపిస్తుంది.

ఒకే కేసు పట్టుకుని పోదాం. ఒక కర్మాగారం దగ్గు సిరప్ తయారు చేస్తోంది. ఈ నెల 50,000 సీసాలు తయారయ్యాయి. 40,000 అమ్ముడయ్యాయి, సీసా 40 చొప్పున. 10,000 గోడౌన్‌లో మిగిలాయి. నెల మొదట్లో పాత స్టాకేమీ లేదు. పెట్టిన ముడిసరుకంతా వాడేశారు, సగంలో ఆగిన బ్యాచ్ కూడా లేదు. లెక్క తేలిగ్గా ఉండాలని అలా తీసుకున్నాను. అంకెలు ఏ కరెన్సీలోవి అనుకున్నా పద్ధతి మారదు.

మొదటి పని: ప్యాకింగ్ బిల్లులను విడదీయడం

సిరప్‌ను సీసా లేకుండా అమ్మలేం, అసలు ఉంచనే లేం. కాబట్టి సీసా, మూత, లేబుల్ సరుకులో భాగమే. దీన్ని ప్రాథమిక ప్యాకింగ్ అంటాం. ఎన్ని సీసాలు నింపామో తెలుసు, ఒక్కోదాని ధర తెలుసు. అందుకే ఇది నేరుగా ప్రత్యక్ష సామగ్రి. మన కేసులో సీసాకు 4 చొప్పున 2,00,000. ఫిల్లింగ్ లైన్ మీద మామూలుగా పగిలే సీసాల ధర ఈ 4లోనే కలిసి ఉంది. అది అలాగే ఉండాలి, ఎందుకంటే కొన్ని పగలకుండా ఏ లైనూ నడవదు. పేర్చిన సీసాల వరుస కూలిపోయి ఒకేరోజు రెండు వేలు పగిలితే మాత్రం ఆ నష్టాన్ని సీసా ధరలో కలపకండి. దాన్ని కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు పంపండి.

లేబుల్ అంటించే బంక సంగతేమిటి? అదీ సీసాకే పోతుంది, కష్టపడితే సీసాకు ఇంత అని లెక్క కట్టొచ్చు కూడా. కానీ ఆ లెక్క కట్టడానికి అయ్యే శ్రమ బంక ఖరీదును మించుతుంది. ఇలాంటివి ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్‌లో వేస్తాం.

ఇక అట్టపెట్టెలు. ఈ కర్మాగారంలో నింపిన సీసాలు ప్లాస్టిక్ ట్రేలలో గోడౌన్‌కు వెళ్తాయి. ఆర్డరు వచ్చాక, పంపే రోజున 50 సీసాలకు ఒకటి చొప్పున పెట్టెలో సర్దుతారు. అమ్మిన 40,000 సీసాలకు 800 పెట్టెలు, ఒక్కోటి 50, మొత్తం 40,000. పెట్టె లేకపోయినా సిరప్ సిరప్పే. పెట్టె కేవలం దారిలో భద్రత కోసం. కాబట్టి ఇది పంపిణీ ఓవర్‌హెడ్. పండగ అమ్మకాల కోసం పైన వేసే మెరుపు కాగితం అయితే అమ్మకం ఓవర్‌హెడ్, ఎందుకంటే దాని పని ప్రకటన పనే.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కొన్ని చోట్ల లైన్ చివరే పెట్టెలో సర్దేస్తారు, సరుకు పెట్టెలోనే గోడౌన్‌కు చేరుతుంది. పెట్టె లేకుండా సరుకు నిల్వ ఉండలేకపోతే దాన్ని ఉత్పత్తి వ్యయంలో చూపడమే సబబని నా అభిప్రాయం. వీలుగా ఉందని మాత్రమే లైన్ దగ్గర సర్దుతుంటే పంపిణీలోనే ఉంచండి. ఏది ఎంచుకున్నా కారణం రాసి పెట్టుకుని, ఏటా అదే పాటించండి.

తిరిగొచ్చే క్రేట్లు వాడితే కొన్న నెలలోనే మొత్తం రాసేయకండి. ఒక క్రేటు 360 పెట్టి కొన్నాం, 60 సార్లు తిరుగుతుందని అనుభవం చెబుతోంది. అంటే ట్రిప్పుకు 6. మరమ్మతు ఖర్చు దానికి కలుస్తుంది. ఖాళీ క్రేట్లను వెనక్కి తెచ్చే బాడుగ కూడా పంపిణీ ఖర్చే. కొనుగోలుదారు క్రేటు తిరిగివ్వక పోగొట్టుకున్న డిపాజిట్‌ను ఈ ఖర్చులోంచే తగ్గించాలి, ఇతర ఆదాయంలో చూపకూడదు.

రెండో పని: లారీ ఎటు నడిచిందో చూడడం

లోపలికి వచ్చిన సరుకు బాడుగ ఆ ముడిసరుకు ధరలో భాగం. చక్కెర ధర అంటే అమ్మినవాడి గుమ్మం దగ్గరి ధర కాదు, మన స్టోర్స్‌లో దిగాక అయిన ధర. ఆర్థిక ఖాతాల ప్రమాణం ఐఏఎస్ 2 కూడా కొనుగోలు ధర, దిగుమతి సుంకాలు, రవాణా, దించుడు ఖర్చు అన్నీ కలిపే కొనుగోలు వ్యయం అంటుంది.

ఈ నెల ఒకే లారీలో 3 టన్నుల చక్కెర, 1 టన్ను సార్బిటాల్ వచ్చాయి. బాడుగ 24,000. లారీవాడు బరువుకు తీసుకుంటాడు కాబట్టి బరువు ప్రకారమే పంచాలి: టన్నుకు 6,000. చక్కెర మీద 18,000, సార్బిటాల్ మీద 6,000. చక్కెర ఖరీదు 1,20,000, సార్బిటాల్ ఖరీదు 80,000 అనుకుని విలువ ప్రకారం పంచితే సార్బిటాల్ మీద 9,600 పడుతుంది. ఈ నెల రెండూ ఒకే సిరప్‌లోకి పోయాయి కాబట్టి మొత్తం మారదు. రేపు సార్బిటాల్‌లో సగం ఇంకో సరుకుకు పోతే, ఆ సరుకు తనది కాని బాడుగ మోస్తుంది. అదే లారీకి దారి బీమా చేయిస్తే ప్రీమియం విలువను బట్టి ఉంటుంది కనుక దాన్ని విలువ ప్రకారమే పంచాలి. ఖర్చు దేన్ని బట్టి పెరుగుతుందో దాన్ని బట్టే పంపకం జరగాలి.

చిల్లర సామాన్లన్నీ కలిపి తెచ్చిన బండి కిరాయి 1,000 ఉంది. అందులో నట్లు, నూనె, చీపుళ్లు, కాస్త రసాయనం ఉన్నాయి. దేనికెంతో తేలదు. అది ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి సరుకు జరిపే ఖర్చూ అంతే.

లారీ రెండు రోజులు గేటు దగ్గర నిలబడిపోయి వెయిటింగ్ చార్జీ పడితే దాన్ని బాడుగ బిల్లులోంచి విడిగా తీయండి. అది చక్కెర ధర కాదు, మన నిర్వహణ లోపం ధర. కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు పోవాలి. బిల్లులో ఒకే మొత్తంగా రాస్తే ఇది తెలియకుండానే సరుకు ధరలో కలిసిపోతుంది. అందుకే బాడుగ బిల్లు పాస్ చేసేటప్పుడు ఒప్పందం రేటుతో పోల్చి చూడండి.

బయటికి వెళ్లిన సిరప్ బాడుగ 60,000 పంపిణీ ఓవర్‌హెడ్. ఇందులో వాదనకు పెద్దగా చోటు లేదు.

మూడో పని: రాయల్టీ ఒప్పందం తెరిచి చదవడం

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక రాయల్టీ మొత్తాన్ని చెల్లింపు వోచర్ చూసి అమ్మకం ఖర్చులో వేశాను. వోచర్ మీద "రాయల్టీ" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఏడాది చివర ఆడిటర్ ఒప్పందం అడిగితే తెరిచి చూశాం. తయారుచేసిన ప్రతి యూనిట్‌కూ ఇంత అని అందులో స్పష్టంగా ఉంది. పన్నెండు నెలల స్టాకు లెక్కలు మళ్లీ వేయాల్సి వచ్చింది. అప్పటినుంచి ఒప్పందం చదవకుండా రాయల్టీ వోచర్ మీద సంతకం పెట్టలేదు.

ఒప్పందంలో చూడాల్సింది రెండు: హక్కు దేనికి, లెక్క దేని మీద. ఫార్ములా, పేటెంట్, యంత్రం, గని తవ్వకం లాంటి వాటిలో తయారుచేసే హక్కు కోసం, తయారైన యూనిట్ల మీద కడితే అది ప్రత్యక్ష ఖర్చు. మన సిరప్ ఫార్ములాకు తయారైన సీసాకు 1.50 చొప్పున 50,000 సీసాలకు 75,000. ఇది మూల వ్యయంలో చేరుతుంది. అమ్ముడుపోని 10,000 సీసాల మీద కూడా ఇది కట్టామని గమనించండి. కాబట్టి స్టాకు విలువలో అది ఉండాల్సిందే.

ఇదే కంపెనీ సీసా మీద మరొకరి బ్రాండు పేరు వాడుకుంటోంది. దానికి అమ్మకాల మీద 2 శాతం. అమ్మకాలు 16,00,000 కాబట్టి రాయల్టీ 32,000. ఇది ఈ సిరప్‌కే చెందినదని వేలు పెట్టి చూపించగలం. అయినా ఉత్పత్తి వ్యయంలోకి రాదు. అమ్మితేనే పుట్టే ఖర్చు, పేరుకు కట్టే ఖర్చు. స్టాకులో ఉన్న సీసాల మీద ఇంకా పుట్టనే లేదు. దీని చోటు అమ్మకం వ్యయం. ప్రత్యక్షం అన్న మాటకీ ఉత్పత్తి వ్యయం అన్న మాటకీ తేడా ఉందని మొదట అన్నది ఇందుకే.

కనీస రాయల్టీ ఉన్న ఒప్పందాల్లో ఇంకో మెట్టు ఉంటుంది. ఏడాదికి కనీసం 6,00,000 కట్టాలని ఉందనుకోండి. ఒక ఏడాది 3,00,000 సీసాలే తయారయ్యాయి. 1.50 చొప్పున 4,50,000 అవుతుంది, కట్టేది మాత్రం 6,00,000. అప్పుడు సీసాకు 2 అని వేసేవాళ్లను చూశాను. వేయకండి. సీసా మీద పడేది 1.50 మాత్రమే. మిగిలిన 1,50,000 షార్ట్‌వర్కింగ్స్. రాబోయే ఏళ్ల రాయల్టీలోంచి రాబట్టుకునే వీలు ఒప్పందం ఇస్తే, ఆ ఏళ్లలో ఉత్పత్తి తగినంత ఉంటుందన్న నమ్మకం కూడా ఉంటే, దాన్ని ఆస్తిగా ముందుకు తీసుకెళ్లండి. రాబట్టుకునే దారి లేకపోతే ఉత్పత్తి ఎందుకు తగ్గిందో చూడండి. మామూలు ఎగుడుదిగుడు అయితే ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్. సమ్మె, అగ్నిప్రమాదం లాంటివైతే కాస్టింగ్ లాభనష్టాల ఖాతా.

సాంకేతిక పరిజ్ఞానం కోసం ఒకేసారి పెద్ద మొత్తం కడితే ఆ నెల సరుకు మీద వేయకూడదు. 12,00,000 కట్టి, దాంతో 24,00,000 సీసాలు తయారుచేస్తామని లెక్క వేస్తే సీసాకు 0.50 చొప్పున వస్తుంది. మన కేసులో అలాంటిది లేదు.

నాలుగో పని: పరిశోధన ఎవరి కోసమో తేల్చడం

నాలుగింటిలో కష్టమైనది ఇదే, ఎందుకంటే ప్రయోగశాల బిల్లు మీద సరుకు పేరు ఉండదు. ప్రయోగశాలలో పనిచేసేవాళ్లు ప్రాజెక్టు సంఖ్యతో టైమ్ షీట్ రాసే అలవాటు లేకపోతే మీరు ఎంత నేర్పుగా పంచినా అది ఊహే. ముందు ఆ అలవాటు చేయించండి. తీసుకున్న రసాయనాలకు కూడా ఆ సంఖ్య ఉండాలి.

మన కర్మాగారంలో ఈ నెల పరిశోధన పేరు మీద 60,000 ఖర్చయింది. షీట్లు చూస్తే మూడు పనులు కనిపించాయి.

మొదటిది 20,000. చక్కెర పాకం ఎక్కువగా ఉన్న సిరప్‌లో మూత మరల దగ్గర చక్కెర పలుకులు కట్టి మూత బిగుసుకుపోతుంది. సార్బిటాల్ కలిపితే అది తగ్గుతుంది. ఎంత కలపాలో, రుచి చెడకుండా ఎక్కడ ఆగాలో ప్రయోగాలు చేశారు. ఇప్పటికే తయారవుతున్న సరుకును బాగుచేసే పని కాబట్టి ఉత్పత్తి వ్యయంలో, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్‌గా వేస్తాం. కాకపోతే కర్మాగారంలోని సరుకులన్నింటికీ పంచకుండా ఈ సిరప్ మీదే వేయాలి.

రెండోది 25,000. ఇంకా పుట్టని గొంతు బిళ్ల కోసం. ఈ నెల సిరప్ దీన్ని మోయకూడదు. కాస్ట్ రికార్డులో ఆ ప్రాజెక్టు సంఖ్య మీద విడిగా ఉంచండి. బిళ్ల విజయవంతంగా బజారులోకి వస్తే దాని మీద వేయండి. ప్రయత్నం విఫలమైందని తేలిన నాడు కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు పంపేయండి. ఆశ చావక ఏళ్ల తరబడి అలా ఉంచేస్తారు, అది మంచిది కాదు. ఆర్థిక ఖాతాల్లో మాత్రం ఐఏఎస్ 38 ప్రకారం పరిశోధన దశ ఖర్చు అయిన కాలంలోనే రాసేయాలి. అభివృద్ధి దశకు చేరి, ఆ ప్రమాణం పెట్టిన షరతులన్నీ నెరవేరితేనే ఆస్తి అవుతుంది. కాబట్టి రెండు పుస్తకాల లాభాల మధ్య ఈ 25,000 తేడా రావచ్చు. రికన్సిలియేషన్ పట్టికలో దానికో వరుస పెట్టండి.

మూడోది 15,000. కొనేవాళ్లకు ఏ రుచి నచ్చుతుందో అడిగిన సర్వే. పేరు పరిశోధనే అయినా పని అమ్మకాలది. అమ్మకం ఓవర్‌హెడ్.

బ్యాచ్‌ల నాణ్యత పరీక్ష ఖర్చు పరిశోధన ఖాతాలో దొర్లి ఉంటే వెనక్కి తీయండి. రోజూ చేసే పరీక్ష ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్. ఒక కొనుగోలుదారు తన ఆర్డరు కోసమే ప్రయోగం చేయించుకుంటే అది ఆ ఆర్డరు మీద ప్రత్యక్ష ఖర్చు.

ఐదో పని: అన్నీ కాస్ట్ షీట్‌లో పెట్టడం

ముడిసరుకు 6,00,000
లోపలికి వచ్చిన లారీ బాడుగ 24,000
సీసా, మూత, లేబుల్ 2,00,000
ప్రత్యక్ష వేతనాలు 1,50,000
ఫార్ములా రాయల్టీ 75,000
మూల వ్యయం 10,49,000
ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్: మామూలువి 1,80,000, బండి కిరాయి 1,000, సిరప్ పరిశోధన 20,000
50,000 సీసాల ఉత్పత్తి వ్యయం 12,50,000, సీసాకు 25
తీసేది: మిగిలిన 10,000 సీసాల స్టాకు 2,50,000
అమ్మిన సరుకు వ్యయం 10,00,000
అమ్మకం, పంపిణీ: పెట్టెలు 40,000, బాడుగ 60,000, బ్రాండు రాయల్టీ 32,000, సర్వే 15,000, ఇతరాలు 53,000
అమ్మకాల మొత్తం వ్యయం 12,00,000
లాభం 4,00,000

ఇప్పుడు ఖాతా పేర్లను బట్టి వేసి చూడండి. ప్యాకింగ్, రవాణా, రాయల్టీ అంతా అమ్మకం, పంపిణీ వైపు తోసేసి, సిరప్ పరిశోధన 20,000ను కూడా ఈ నెల ఖర్చుగానే రాసేశామనుకోండి. ఉత్పత్తి వ్యయంలోంచి 3,20,000 జారిపోతుంది. సీసా 18.60కి దిగుతుంది. స్టాకు 1,86,000 అవుతుంది. లాభం 3,36,000. అమ్మింది అంతే, ఖర్చు పెట్టింది అంతే, లాభం మాత్రం 64,000 తగ్గి కనిపించింది. అది 3,20,000లో అమ్ముడుపోని అయిదో వంతు సీసాల వాటా.

ఇటువైపు అతి చేసినా అంతే. పెట్టెలు, బయటి బాడుగ, బ్రాండు రాయల్టీ, సర్వే కలిపి 1,47,000ను ఉత్పత్తి వ్యయంలో వేస్తే సీసా 27.94 అవుతుంది, లాభం 29,400 ఉబ్బుతుంది. ఇంకా అమ్మని సీసాల మీద అమ్మకం ఖర్చును స్టాకు రూపంలో దాచినట్టు అవుతుంది. వచ్చే నెల ఆ స్టాకు అమ్ముడైతే ఈ నెల ఉబ్బినంతా అప్పుడు తగ్గుతుంది. అందుకే ఏడాది మొత్తం లాభం సరిగ్గా ఉందని ఊరుకోకండి. నెలనెలా ధర నిర్ణయించేవాళ్లు చూసేది ఈ 25నో, 18.60నో.

ఇక పాత లెక్కల్లో తప్పు ఉందో లేదో ఎలా పట్టాలి? నాలుగు చోట్ల చూస్తే చాలు. ఉత్పత్తి నిలకడగా ఉన్నా సీసాకు ప్యాకింగ్ ఖర్చు అమ్మకాలతో పాటు ఊగుతోందంటే ఉత్పత్తి వ్యయంలో పెట్టెలు కలిసిపోయాయి. కాస్ట్ షీట్‌లోని రాయల్టీని ఒప్పందంలోని యూనిట్ రేటుతో భాగించండి. వచ్చిన సంఖ్య తయారైన యూనిట్లతో కలవాలి, కలవకపోతే కనీస రాయల్టీయో బ్రాండు రాయల్టీయో అందులో కలిసింది. పరిశోధన ఖాతాలో ప్రాజెక్టు సంఖ్య లేని వరుస ఏదైనా ఉంటే ఎవరో ఊహించి పంచారు. చివరగా స్టోర్స్ లెడ్జర్‌లో చక్కెర రేటు తీసి సరఫరాదారు ఇన్వాయిస్ పక్కన పెట్టండి. బాడుగ మనమే కట్టినా రెండు రేట్లూ ఒకటే ఉంటే ఆ లారీ బాడుగ ఇంకెక్కడో కూర్చుంది. అది దొరికేదాకా ఆ నెల కాస్ట్ షీట్ మీద సంతకం పెట్టకండి.